ఫేర్‌వెల్ లెక్క తేలాలంటే

పిల్లలూ,

ఫైనల్ ఇయర్ వాళ్లకు ఫేర్‌వెల్ ఇస్తున్నామని, తలా 750 వేసినా డబ్బు చాలడం లేదని రాశారు. మీ లెక్క చూశాను. కూడికల్లో తప్పు లేదు, భాగించిన సంఖ్యే తప్పు.

థర్డ్ ఇయర్‌లో మీరు 60 మంది, సీనియర్లు 55, లెక్చరర్లు, స్టాఫ్ కలిపి 10. ప్లేటు 220 చొప్పున 125 ప్లేట్లకు 27,500. సౌండ్, లైట్లు 6,000, స్టేజీ డెకరేషన్, ఫ్లెక్సీ 3,500, మెమెంటోలు ఒక్కోటి 100 చొప్పున 5,500, కేకు, మంచినీళ్లు, కూల్‌డ్రింకులు 2,500. మొత్తం 45,000. దాన్ని 60తో భాగించి 750 అన్నారు. ఏ క్లాసులోనూ అందరూ కట్టరు. మీకు కట్టింది 50 మంది, వచ్చింది 37,500. లోటు 7,500. మొదటే 50తో భాగిస్తే 900 తేలేది. అంత ఎక్కువనిపిస్తే ఖర్చు అప్పుడే తగ్గించుకునేవాళ్లు.

ఇప్పుడు కట్టినవాళ్లనే ఇంకో 150 అడగకండి. టైముకు కట్టినందుకు వాళ్లకు శిక్ష వేసినట్టు ఉంటుంది. ముందు భోజనాల సంఖ్య చూడండి. కట్టని పదిమందిలో ముగ్గురికి నిజంగానే ఇబ్బంది ఉందన్నారు, వాళ్లు రావాల్సిందే. మిగతా ఏడుగురు రామని చెప్పేశారు కదా. ఇంటర్న్‌షిప్‌కని ఊరు వెళ్లిన సీనియర్లు ఐదుగురు, భోజనానికి ఉండని లెక్చరర్లు ముగ్గురు. అంటే 15 ప్లేట్లు తగ్గి 110 చాలు. 3,300 మిగిలింది. మెమెంటోల బదులు 60 రూపాయల్లో క్లాస్ ఫొటో ప్రింటు వేయించి ఇవ్వండి, ఇంకో 2,200 మిగులుతుంది. (ఆ షీల్డులు ఎవరింట్లో చూసినా అటక మీదే ఉంటాయి.) సౌండ్‌వాడి అద్దె మాత్రం మనుషులు తగ్గినంత మాత్రాన తగ్గదు, అక్కడ బేరంతో టైము పోగొట్టుకోకండి.

ఇక మిగిలిన లోటు 2,000. యాభైమందికి తలా 40. లెక్క చూపించి అడిగితే ఎవరూ గొణగరు.

క్యాటరింగ్ ఆయనకు అడ్వాన్స్ ఇచ్చే ముందే రెండు విషయాలు మాట్లాడుకోండి. ఆఖరి సంఖ్య ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పినదానికంటే ఎక్కువ తింటే ప్లేటుకు ఎంత. ఆ రాత్రి "140 ప్లేట్లు లేచాయి" అంటే మీ దగ్గర జవాబుండాలి. అందుకే 110 కూపన్లు కొట్టించండి. కూపన్ ఇచ్చినవాళ్లకే ప్లేటు, డబ్బు ఆ కూపన్ల లెక్కకే. ఇబ్బందిలో ఉన్న ఆ ముగ్గురికీ అవే కూపన్లు ఇవ్వండి, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో వరుసలో నిలబడ్డవాళ్లకు తెలియదు. కట్టనివాళ్ల పేర్లు గ్రూపులో పెట్టకండి.

డబ్బు ఒక్కరి ఫోన్‌పేకే రానివ్వండి, చేతికిచ్చిన నగదు కూడా అదే రోజు అదే పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం సీఆర్ దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉంటే మంచిది.

మీ
పెదనాన్న