లెవెల్స్ కనిపించగానే ఆగిపోకండి

పోయిన నెలలో రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న ఇంటర్న్ నాకు వాట్సాప్‌లో ఒక పొట్ట ఎక్స్‌రే ఫిల్మ్ పంపి, ‘సార్, లెవెల్స్ ఉన్నాయి, అబ్‌స్ట్రక్షనే’ అన్నాడు, అంటే పేగుకి అడ్డంకి పడిందని. పేషెంట్ పలమనేరు దగ్గర పల్లెటూరి మనిషి, టమాటా తోట పనికి వెళ్తుంది, నలభై ఎనిమిదేళ్లు. పదేళ్ల కిందట గర్భసంచి ఆపరేషన్ అయింది. రెండు రోజులుగా పచ్చటి వాంతులు, కడుపు ఉబ్బరం, ముందురోజు నుంచి గ్యాస్ కూడా పోవడం లేదు. అతను చెప్పింది నిజమే అయింది, కానీ అతను పట్టుకున్న ఆధారం మాత్రం చాలదు.

లెవెల్ అంటే ఏమిటి? పేగులో నీళ్లు, గాలి రెండూ ఉండి మనిషిని నిలబెడితే నీళ్లు కిందికి, గాలి పైకి వెళ్లి మధ్యలో అడ్డంగా ఒక గీత పడుతుంది, అంతే. విరేచనాలతో వచ్చినవాళ్లలో, పొటాషియం పడిపోయి పేగు కదలిక తగ్గినవాళ్లలో కూడా ఆ గీతలు కనిపిస్తాయి. గీత రెండున్నర సెంటీమీటర్ల కంటే వెడల్పుగా ఉండి, ఒకే పేగు మడతకి రెండు కొసల్లో రెండు గీతలు వేర్వేరు ఎత్తుల్లో ఉంటే అడ్డంకి మీద అనుమానం పెరుగుతుంది, నిర్ధారణ మాత్రం కాదు.

అందుకే పేషెంట్‌ని పడుకోబెట్టి తీసిన ఫిల్మ్ చూడమని అతనికి చెప్పాను. పేగు ఎంత ఉబ్బిందో, గాలి ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో తెలిసేది అందులోనే. చిన్నపేగు మూడు సెంటీమీటర్లు దాటితే ఉబ్బినట్టు, పెద్దపేగుకి ఆరు, పెద్దపేగు మొదటి భాగమైన సీకమ్‌కి తొమ్మిది. అయితే ఫోన్‌కి వచ్చిన ఫొటో మీద, చిన్నది చేసి ప్రింట్ తీసిన ఫిల్మ్ మీద స్కేలు పెట్టి కొలవకండి, తప్పు వస్తుంది. కంప్యూటర్‌లో కొలవాలి, అది లేకపోతే పక్కనే ఉన్న నడుము వెన్నుపూసతో పోల్చుకోండి, దాని ఎత్తు సుమారుగా మూడు సెంటీమీటర్లు ఉంటుంది. ఈమెకి పొట్ట మధ్యలో నాలుగున్నర సెంటీమీటర్ల మడతలు, వాటి గోడల్లోని సన్నటి గీతలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పూర్తిగా సాగి ఉన్నాయి, అంటే చిన్నపేగే. పెద్దపేగులో గీతలు సాధారణంగా సగంలోనే ఆగిపోతాయి, అది పొట్ట అంచుల వెంబడి ఉంటుంది. ఈమెకి పెద్దపేగులోనూ దాని చివరనున్న రెక్టమ్‌లోనూ గాలి దాదాపు లేదు. పైన ఉబ్బు, కింద ఖాళీ, పొట్ట మీద పాత కుట్ల గుర్తు. మూడూ కలిపి చూస్తే ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కుని దారి మూసుకుపోయిందని అనుకోవచ్చు.

ఒక్కోసారి ఉబ్బిన పేగు నిండా నీళ్లే ఉంటాయి, గాలి ఉండదు. అప్పుడు లెవెల్సూ ఉండవు, ఫిల్మ్ అమాయకంగా కనిపిస్తుంది, మనిషి మాత్రం వాంతులు చేసుకుంటూనే ఉంటుంది. ఫిల్మ్‌ని నమ్మి ఇంటికి పంపకండి.

ఇక ‘ఫ్రీ ఎయిర్ లేదు సార్’ అన్నాడు, అంటే పేగు దాటి బయటికి వచ్చిన గాలి లేదని. ఎలా చెప్పావు బాబూ, పొట్ట ఫిల్మ్‌లో డయాఫ్రమ్ పైకి కట్ అయిపోయింది కదా అన్నాను. పేగుకి చిల్లు పడిందా అని చూడాలంటే నిలబెట్టిన ఛాతీ ఎక్స్‌రే కావాలి, అదీ పేషెంట్‌ని పది నిమిషాలు కూర్చోబెట్టిన తర్వాత, గాలి పైకి చేరడానికి టైం ఇచ్చి. అప్పుడు కుడి పక్క లివర్ పైన సన్నటి నల్లటి నెలవంక కనిపిస్తుంది. ఎడమ పక్క నలుపుని చూసి కంగారు పడకండి, చాలాసార్లు అది జీర్ణాశయంలోని మామూలు గాలే. కుడి పక్క కూడా లివర్‌కీ డయాఫ్రమ్‌కీ మధ్య పెద్దపేగు దూరి మోసం చేయొచ్చు, ఆ నలుపులో పేగు మడతలు కనిపిస్తే అదే. ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకి కొన్ని రోజులు గాలి మిగిలే ఉంటుంది, అది ముందే అడగండి. కూర్చోలేనివాళ్లని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, అడ్డంగా తీయించండి, గాలి లివర్ పక్కకి చేరుతుంది. వెల్లకిలా తీసిన ఫిల్మే దిక్కయితే పేగు గోడకి లోపలి అంచు, బయటి అంచు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయేమో వెతకండి. మామూలుగా లోపలి అంచే తెలుస్తుంది, బయట కూడా గాలి ఉంటేనే రెండోది తేలుతుంది.

ఇన్ని చేసినా చిల్లు పడిన పది మందిలో ఇద్దరు ముగ్గురికి ఎక్స్‌రేలో గాలి కనిపించదు. మోకాళ్ల నొప్పులకి నెలల తరబడి పెయిన్‌కిల్లర్ మింగిన మనిషి పొట్ట చెక్కలా బిగుసుకుని వస్తే, ఫిల్మ్ బాగుందని ఆగకుండా సీటీకి పంపండి, సర్జన్‌ని పిలవండి.

ఈమెకి నెలవంక లేదు. కానీ పేగుకి రక్తం అందుతోందా లేదా అన్నది ఎక్స్‌రేలో తెలియదు. నాడి నూట పది ఉంది, అది నాకు నచ్చలేదు, అందుకే సెలైన్ ఎక్కిస్తూనే సీటీ చేయించాం. అతుకు దగ్గర పేగు సన్నబడింది గానీ గోడకి రక్తం బాగానే అందుతోంది. ముక్కు గొట్టంలో లీటరున్నర పచ్చనీళ్లు వచ్చాయి, నాడి తొంభైకి దిగింది. గొట్టంలోంచే వంద మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ మందు ఇచ్చి గొట్టం మూసి, ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ ఒక ఫిల్మ్ తీశాం. మందు పెద్దపేగులోకి దిగి తెల్లగా కనిపించింది. దాన్ని ఇంటర్నే ముందు చూసి, ‘సార్, సీకమ్ దాటింది’ అని ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం ఆమెకి గ్యాస్ పోయింది, ఆపరేషన్ అవసరం పడలేదు.