వరుసగా ఎనిమిది ఓటములు: పందెం సైజు గురించి అపోహలు, వాస్తవాలు

అపోహ: గెలుపు శాతం బాగుంటే ఎనిమిది ఓటములు వరసగా రావు.

వాస్తవం: వందకు 55 గెలిచే మనిషిని తీసుకుందాం. గెలిస్తే పెట్టినంత వస్తుంది, ఓడితే పెట్టినంతా పోతుంది. వచ్చే ఎనిమిది పందేలూ అతను ఓడిపోయే అవకాశం దాదాపు 600లో ఒకటి. ఈ అంకె చూసే చాలామంది ధీమాగా ఉంటారు. కానీ వెయ్యి పందేలు ఆడితే అందులో సుమారు 550 గెలుపులుంటాయి, ఏ గెలుపు తర్వాతైనా ఆ ఓటముల వరస మొదలుకావచ్చు. అన్నీ కలిపి లెక్కేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఎనిమిది ఓడే అవకాశం 60 శాతం. వరుసగా పది ఓడే అవకాశం కూడా 17 శాతం ఉంటుంది.

చేతిలో 100 యూనిట్లుండి ప్రతిసారీ 10 పెడితే, ఆ ఎనిమిదితో 80 పోతాయి. 2 చొప్పున పెడితే పోయేది 16. పైగా ఇంత నష్టానికి వరుస ఓటములే అక్కర్లేదు. 24 పందేల్లో 8 గెలిచి 16 ఓడినా అంతే పోతుంది, మధ్యమధ్యలో గెలుస్తుంటాం కాబట్టి అది మన కంటికి ఆనదు.

అపోహ: ఇన్ని పోయాక తర్వాతిది తగలాల్సిందే, పందెం పెంచాలి.

వాస్తవం: తొమ్మిదోది ఓడే అవకాశం కూడా 45 శాతమే.

అపోహ: పైచేయి మనదైతే పందెం ఎంతైనా చివరికి లాభమే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే అపోహ ఇదే. ఈసారి వందకు 52 గెలిచే మనిషి, ఉన్నదానిలో ప్రతిసారీ 10 శాతం పెడుతున్నాడనుకుందాం. ఒకటి గెలిచి ఒకటి ఓడితే 100 కాస్తా 110 అయి, తర్వాత 99కి దిగుతుంది. అంటే ప్రతి జంటకూ ఒక శాతం తరుగు. వెయ్యి పందేల్లో అలాంటి జంటలు 480, పైన మిగిలేవి 40 గెలుపులు. ఆ 40 ఈ తరుగును పూడ్చలేవు. 520 గెలిచి 480 ఓడినా అతని 100 యూనిట్లు 36కి వస్తాయి. అవే గెలుపులు, అవే ఓటములు, పందెం మాత్రం 2 శాతం అయితే 100 పెరిగి 182 అవుతుంది.

ఉన్నదానిలో ఎంత శాతం పెట్టాలో లెక్కగట్టే కెల్లీ సూత్రం ఇలాంటి సమాన పందేలకు చెప్పే గరిష్ఠం, గెలుపు శాతంలోంచి ఓటమి శాతం తీసేస్తే మిగిలేది. 55 గెలిచేవాడికి 10, 52 గెలిచేవాడికి 4, సగంకన్నా తక్కువ గెలిచేవాడికి ఏమీ లేదు. చిక్కల్లా మనం ఏ కోవకు చెందుతామో తెలియకపోవడమే. 52 స్థాయి మనిషి కూడా వంద పందేల్లో 55 గానీ అంతకు మించి గానీ గెలిచే అవకాశం 30 శాతం పైనే. అందుకే నా పందేల లెక్కల పుస్తకంలో వంద పందేలకు 55 గెలుపులు కనిపించినా నేను 52 అనుకునే లెక్క కడతాను. దానికి వచ్చే 4లో సగం, అంటే 2 శాతం పెడతాను.