పప్పు గుండిగ చల్లారే వేళ

బరంపురంలో తెలుగువారు నడిపే ఒక మెస్‌లో ఆహార భద్రతాధికారి తనిఖీకి ముందు కాగితాలు సర్దే పని నాకు అప్పగించారు. లైసెన్సు నకలు గోడకు కనబడేలా ఉంది. వంటవారి వార్షిక వైద్య ధ్రువపత్రాలు, తాగునీటి పరీక్ష నివేదిక, పురుగుల నివారణ రసీదులు ఒకే ఫైలులో తేదీల వరుసన ఉన్నాయి. వీటికి ఒక పూట సరిపోయింది. నన్ను ఆపినది ఉష్ణోగ్రతల పుస్తకం. అందులో ఫ్రిజ్ వరుసలో నెలంతా ఉదయం 4 డిగ్రీలు, సాయంత్రం 4 డిగ్రీలు అని ఒకే కలంతో రాసి ఉంది. మే నెలలో, మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు పదే పదే తెరుచుకునే ఫ్రిజ్‌లో అంకె అంత నిలకడగా ఉండదు. కరెంటు పోయిన రోజున కూడా 4 అనే ఉంటే, అధికారికి ఇంకే ఆధారమూ అక్కర్లేదు.

అందుకని ముందు థర్మామీటరునే పరీక్షించాము. గ్లాసు నిండా పగలగొట్టిన ఐసు వేసి, సందులు నిండేలా నీళ్లు పోసి, కలిపి, కొన్ని నిమిషాలు ఆగి, మొన అడుగుకు తగలకుండా ముంచితే సున్నా చూపాలి. మాది 2 చూపింది, మరొకటి కొన్నాము. మరిగే నీటితోనూ పరీక్షించవచ్చు గాని, అది ఊరిని బట్టి మారుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న బరంపురంలో నీరు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరిగితే, సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో 97 దగ్గరే మరుగుతుంది. ఐసు పరీక్షకు ఈ చిక్కు లేదు.

ఆ తర్వాత నేను చూడదలచినది రాత్రి భోజనానికని మధ్యాహ్నమే వండి ఉంచే పప్పు. పప్పు మరిగితే సూక్ష్మజీవులు చస్తాయన్నది నిజమే, కాని క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ వంటి వాటి సిద్ధబీజాలు ఆ మరుగును తట్టుకొని మిగులుతాయి. అవి గుండిగ చల్లారుతున్నప్పుడు మేల్కొని, 43 నుంచి 45 డిగ్రీల దగ్గర అత్యంత వేగంగా, అనుకూలిస్తే పది నిమిషాల కొకసారి రెట్టింపవుతాయి. కనుక 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల లోపున, అక్కడి నుంచి 5 డిగ్రీలకు త్వరగా దింపాలి.

ఇరవై లీటర్ల గుండిగ నడుమ మేము కొలిచిన అంకెలు ఇవి: మూడు గంటలకు 82, అయిదుకు 61, ఏడుకు 49, తొమ్మిదికి 42. వంటగదిలో గాలి 33 డిగ్రీలు. ఇక్కడ గమనించవలసినది ఆలస్యం ఒక్కటే కాదు. గది గాలి 33 ఉన్నప్పుడు గుండిగను తెల్లవారే దాకా ఉంచినా అది 21కి దిగదు. పైగా ఏడు గంటల నుంచి తొమ్మిది దాకా పప్పు ఆ జీవులకు నచ్చే వేడిలోనే నిలిచింది.

“చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంది కదండీ,” అన్నారు వంట మాస్టరు.

“అంచు చల్లారింది మాస్టారూ, నడుమ చూడండి,” అని మొనను లోతుకు దించి చూపాను.

చిక్కని పప్పులో వేడి కదలిక చాలా నెమ్మది. లోతు సగమైతే చల్లారే కాలం దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. మరునాడు పప్పును అయిదు సెంటీమీటర్ల లోతున వెడల్పాటి స్టీలు ట్రేలలో పోసి, ట్రేలను ఐసు నీళ్లలో ఉంచి, మధ్యమధ్య కలిపాము. 60 నుంచి 21కి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాము. వేడి గుండిగను నేరుగా ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే, పక్కన ఉన్న పాలూ పెరుగూ వేడెక్కేవి.

స్వీయ తనిఖీ పట్టికను కూడా ఈ దృష్టితోనే మార్చాము. “ఫ్రిజ్ సరిగా పనిచేస్తోందా” అన్న ప్రశ్నకు ఎవరైనా అవుననే టిక్కు పెడతారు. దాని స్థానంలో “నడిమి అరలో ఉంచిన గ్లాసు నీటి వేడి ఎంత” అని రాశాము. తలుపు తెరిస్తే మారిపోయే గాలి వేడి కంటే ఆ నీరే ఆహారం స్థితికి దగ్గర. వంటగదిలో తెలుగువారూ ఒడియావారూ ఉన్నారు కనుక శీర్షికలు రెండు భాషల్లోనూ, అంకెలు మాత్రం అందరూ చదివే 1, 2, 3లలోనూ పెట్టాము. చివరి గడి “హద్దు దాటితే ఏమి చేశారు” అన్నది. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో విలువైన గడి అదే, ఎందుకంటే తప్పు దొరికిందనీ దాన్ని సరిదిద్దారనీ చూపగలిగేది అదొక్కటే.

పాత పేజీలను దిద్దలేదు, చింపలేదు. కొత్త పుస్తకం మొదటి వరుసలో వంట మాస్టరే రాశారు: “పప్పు, రాత్రి 7 గంటలకు 49, రాత్రి 9 గంటలకు 42. పారబోశాము. రేపటి నుంచి ట్రేలు, ఐసు.”