పేపర్ ట్రేడింగ్ నుంచి అసలు డబ్బుకు: ఆమోద మెమోలపై అపోహలు - వాస్తవాలు

వాటంతట అవే షేర్లు కొని అమ్మే ప్రోగ్రాములను, అంటే ట్రేడింగ్ రొటీన్లను, అసలు మార్కెట్టులోకి అనుమతించే ముందు వచ్చే మెమోలను చదవడం నా ఉద్యోగంలో భాగం. అంతకు ముందు వాటిని అసలు డబ్బు పెట్టకుండా నడిపి చూస్తారు, అదే పేపర్ ట్రేడింగ్. రాసేవారు మారతారు కానీ వాదన మారదు: "పేపర్‌లో లాభం చూపించింది, అడుగుతున్నది చిన్న మొత్తమే, అనుమతించండి." ఈ వాక్యంలోనే రెండు అపోహలున్నాయి. ఎక్కువ నష్టం తెచ్చేది మొదటిది.

అపోహ: పేపర్‌లో వచ్చిన లాభమే, అదే నిష్పత్తిలో, చిన్న పెట్టుబడి మీదా వస్తుంది. మన ఆర్డరు చిన్నది కనుక మార్కెట్టు కదలదు.

వాస్తవం: మార్కెట్టు కదలదన్న మాట నిజమే. చిక్కు అక్కడ లేదు, క్యూలో ఉంది. చాలా ఎక్స్ఛేంజీల్లో ముందు ధర, ఒకే ధర దగ్గర ముందు వచ్చిన ఆర్డరు అన్నదే వరస. 100.00 దగ్గర మన కంటే ముందు అయిదు వేల షేర్ల ఆర్డర్లు నిలిచి ఉంటే, మనం కొనేది పది షేర్లయినా వాటి వెనకే నిలబడాలి. పేపర్ ట్రేడింగులో మాత్రం చాలా సిమ్యులేటర్లు ధర 100.00ను తాకగానే "కొన్నాం" అని రాసేసుకుంటాయి.

ఈ మధ్య ఒక మెమో మీద ఇదే లెక్క వేసి చూపించాను. అంకెలను సులువు చేసి చెబుతాను. రొటీన్ 100.00 దగ్గర లిమిట్ ఆర్డరుతో, అంటే ఆ ధరకు మించి ఇవ్వననే ఆర్డరుతో, కొంటుంది. 100.40కి చేరితే లాభంతో, 99.60కి పడితే నష్టంతో బయటికొస్తుంది. వంద ట్రేడుల్లో పేపర్ చూపించింది 60 లాభాలు, 40 నష్టాలు. షేరుకు 24 లాభం, 16 నష్టం, మిగులు 8. ఖర్చులు కలపకముందు బాగానే ఉంది.

ఇప్పుడు ఆ 60 లాభాలను విడదీయండి. అందులో 25 సార్లు ధర 100.00ను తాకి, ఒక్క టిక్కు, అంటే ధర కదిలే అతి చిన్న మెట్టు, కూడా కిందికి దిగకుండా పైకి లేచింది. అలాంటప్పుడు మన వంతు రాకపోవచ్చు. నష్టాల సంగతి వేరు: ధర 99.60కి పోవాలంటే 100.00ను దాటి దిగాల్సిందే కనుక ఆ నలభైలో ఒక్కటీ మనల్ని వదలదు. ఆ 25లో ఒక్కటీ దక్కకపోతే మిగిలేది 35 లాభాలు, 40 నష్టాలు. షేరుకు 2 నష్టం. పన్నెండు దక్కినా 8 కాస్తా 2.80 అవుతుంది. పెట్టుబడిని పదో వంతుకు తగ్గించినా ఈ నిష్పత్తి మారదు.

ఆ మెమో రాసిన అమ్మాయికి ఈ తేడా ముందే తెలుసు. చూపిస్తే తిరస్కరిస్తారేమోనని పక్కన పెట్టిందట. ఆ భయం నాకు అర్థమవుతుంది. "రిస్క్ వాళ్లకు అంకెలు తక్కువ చూపిస్తేనే పని జరుగుతుంది" అన్న పుకారు ఎవరు పుట్టించారో మాత్రం అర్థం కాదు. నేను ఆమెతో చెప్పింది ఇదే: ధర కనీసం ఒక టిక్కు దాటితేనే కొన్నట్టు లెక్కించేలా పేపర్‌ను మళ్లీ నడుపు, రెండు ఫలితాలూ పక్కపక్కనే పెట్టు. లైవ్‌కు వెళ్లాక కూడా పేపర్‌ను ఆపకుండా అవే సిగ్నళ్లపై సమాంతరంగా నడుపు. ఒక్కో ఆర్డరుకు పేపర్‌లో దక్కిందా, లైవ్‌లో దక్కిందా, ఏ ధరకు అన్నది లాగ్‌లో చేరాలి. చిన్న మొత్తం అడిగేది ఈ తేడాను కొలవడానికేనని మెమో మొదటి పేరాలోనే ఉండాలి. కొద్ది వారాల లాభనష్టాల్లో అదృష్టం పాలు ఎక్కువ. దక్కని ఆర్డర్ల లెక్క అంతకంటే త్వరగా నిజం చెబుతుంది. అలా తిరగరాసిన మెమోకు ఆమోదం వచ్చింది.

అపోహ: పరిమితి పెట్టాం కనుక నష్టం దాన్ని దాటదు.

వాస్తవం: పరిమితి ఎక్కడ అమలవుతుందన్నది ముఖ్యం. రొటీన్ తన కోడులో తానే పెట్టుకున్న పరిమితి, ఆ కోడు తప్పితే తానూ తప్పుతుంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా సంస్థలో కొత్త కోడు ఒక సర్వరుకు చేరక, అందులోని పాత కోడు మేల్కొని ఆర్డర్ల వరద పంపింది. ముప్పావు గంటలో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అందుకే ఒక్కో ఆర్డరు పరిమాణం, నిమిషానికి ఆర్డర్ల సంఖ్య, మొత్తం పొజిషన్ విలువ అంటే చేతిలో ఉన్న షేర్ల విలువ, ఈ మూడింటినీ రొటీన్ బయట, ఆర్డర్లు వెళ్లే ద్వారం దగ్గరే ఆపాలి. అప్పు తీసుకుని ట్రేడ్ చేస్తే పెట్టిన డబ్బు కాదు, పొజిషన్ విలువే లెక్క.

అపోహ: ఆపే బటన్ ఉంది, చాలు.

వాస్తవం: చాలా బటన్లు కొత్త ఆర్డర్లను మాత్రమే ఆపుతాయి. చేతిలో ఉన్న పొజిషన్ అలాగే ఉంటుంది. దాన్ని ఎవరు, ఎలా మూసేస్తారు, మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరి సంతకం కావాలి అన్నవి పేర్లతో సహా రాయండి. ఆ సంతకం రొటీన్ రాసినవారిది కాకూడదు.