చెన్నైలో తీగపాకం, బెంగళూరులో ముదురు పాకం

మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ పుట్టిల్లు చెన్నై. అక్కడ అమ్మతో కలిసి బూంది లడ్డు చేసినప్పుడు వంటల థర్మామీటరు పెట్టి, పాకం 105 డిగ్రీలకు రాగానే పొయ్యి కట్టేశారట. లడ్డు బ్రహ్మాండంగా కుదిరింది. తర్వాత బెంగళూరులో అవే కొలతలు, అదే థర్మామీటరు, అదే 105. మర్నాటికి లడ్డూలు రాళ్లయ్యాయి, బూంది మీద పంచదార తెల్లగా పేరుకుంది. "మా అత్తగారు దిష్టి తగిలిందంటున్నారు, మీరేమంటారు?" అని అడిగారు.

నా లెక్క ప్రకారం దోషం బెంగళూరు ఎత్తుది.

చెన్నై సముద్రం ఒడ్డున ఉంది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారుగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది కాబట్టి బెంగళూరులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. "నీరు 100 డిగ్రీల వద్ద మరుగును" అని బడిలో అందరం బట్టీపట్టాం. ఆ వాక్యం ముందుండే "సాధారణ వాతావరణ పీడనం వద్ద" అన్న ముక్కను పరీక్షలో రాస్తే ఒక మార్కు, రాయకపోతే అర మార్కు. దాని వల్ల వంటింట్లో ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పాకం దగ్గరికి వద్దాం. నీళ్లలో పంచదార కలిస్తే మరిగే వేడి పెరుగుతుంది. పాకం చిక్కబడేకొద్దీ ఇంకా పెరుగుతుంది. పాకంలో బరువు ప్రకారం 70 శాతం పంచదార ఉన్నప్పుడు అది మామూలు నీళ్లకంటే దాదాపు 5 డిగ్రీలు ఎక్కువ దగ్గర మరుగుతుంది. అంటే చెన్నైలో 105. వేళ్ల మధ్య ఒక తీగ సాగే పాకం ఇదే. పాకం చిక్కదనాన్ని చెప్పేది ఆ 5 డిగ్రీల తేడా. అది ఎక్కడినుంచి మొదలైందన్నది ఊరినిబట్టి మారుతుంది. బెంగళూరులో 97 నుంచి మొదలుపెట్టి 105 దాకా మరిగిస్తే తేడా 8 డిగ్రీలైంది. అప్పటికి పాకంలో పంచదార 75 శాతానికి చేరి ఉంటుంది. ఆవిడ ఆగాల్సింది 102 దగ్గర.

70కీ 75కీ ఏం పెద్ద తేడా అనిపిస్తుంది. కిలో పంచదారతో లెక్క వేసి చూడండి. 70 శాతం పాకంలో ఆ కిలోకు తోడుగా దాదాపు 430 గ్రాముల నీళ్లు ఉంటాయి. 75 శాతంలో మిగిలేది 333 గ్రాములే. గది వేడిలో నీళ్లు తమ బరువుకు రెట్టింపు పంచదారను మాత్రమే కరిగించి ఉంచుకోగలవు. మరిగేటప్పుడు అంతకు రెట్టింపుకు పైగా మోస్తాయి కాబట్టి పొయ్యి మీద ఏ గొడవా కనబడదు. చల్లారాక తెలుస్తుంది. మొదటి పాకంలో నీళ్లు 860 గ్రాములు మోస్తే, మిగులు 140 గ్రాములు. ఆ మిగులు సన్నటి పలుకులుగా నెమ్మదిగా తేలుతుంది, లడ్డూ విడిపోకుండా పట్టి ఉంచడంలో దానికీ పాత్ర ఉంది. రెండో పాకంలో మిగులు 330 గ్రాములు దాటుతుంది. కిలోలో మూడోవంతు పంచదార తిరిగి పంచదార కావాలని కాచుకుని కూర్చుంటుంది. గరిటె తిప్పినా, గిన్నె అంచున ఎండిన ఒక్క పలుకు లోపల పడినా చాలు, దాని చుట్టూ మిగతాది పేరుకుపోతుంది.

చక్కెర కట్టడం ఒక్కటే కాదు, బూంది పాకం పీల్చుకోవడమూ దెబ్బతింటుంది. ఈ ముక్క నాకు చాలా ఇష్టం. శనగపిండి చుక్క నూనెలో పడగానే దానిలోని నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొస్తాయి. ఆవిరి వెళ్లిన దారులన్నీ సన్నటి గొట్టాల్లా మిగులుతాయి. బూందిని పైకి తీయగానే లోపలి ఆవిరి చల్లబడి నీరవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. నొక్కి వదిలిన ఇంకు ఫిల్లరు లాగా, అప్పుడు చుట్టూ ఏది తడిగా ఉంటే దాన్ని బూంది లోపలికి లాగేస్తుంది. మొదట దొరికేది ఒంటికి అంటిన నూనే కాబట్టి గరిటెను మూకుడు అంచున తట్టి నూనె వాడ్చాలి, ఆ వేడిమీదే గోరువెచ్చటి కంటే ఎక్కువ వేడిగా ఉన్న పాకంలో వేయాలి. పూర్తిగా చల్లారిన బూందిలో గాలి ఎప్పుడో నిండిపోయింది, ఇక అది గట్టిగా లాగదు. అయితే లాగే బలం ఉన్నా, పాకం కదిలేలా ఉండాలి కదా. చల్లారిన 75 శాతం పాకం 70 శాతం పాకంకంటే నాలుగు రెట్ల పైచిలుకు చిక్కగా ఉంటుంది. అది గొట్టాల మూతి దగ్గరే ఆగిపోతుంది. బూంది లోపల పిండిపిండిగా, పైన పంచదార పెంకుగా మిగులుతుంది. లడ్డూ విరిచి ఒక్క బూందిని గోటితో చీల్చి చూడండి. లోపల మెరుస్తూ తడిగా ఉంటే పాకం వెళ్లినట్టు. తెల్లగా, పొడిగా ఉంటే పాకం ముదిరినట్టే, లేదా బూంది కరకరలాడేదాకా వేగినట్టు.

పిండి గురించి ఎక్కువ చెప్పను. గరిటె మీద పోస్తే తట్టకుండానే చుక్కలుగా రాలాలి. చిక్కగా ఉంటే చుక్క తెగకముందు సాగి తోకలొస్తాయి, పలచనైతే నూనెలో చదునుగా పరుచుకుంటుంది. ఒక చెంచా నీళ్లో, ఒక చెంచా పిండో కలిపి నాలుగు చుక్కలు వేసి చూస్తే సరిపోతుంది. నూనె వేడికి ఊరి ఎత్తుతో పని లేదు, ఎందుకంటే నూనె అక్కడ మరగడం లేదు. మోతీచూర్‌కైతే గరిటె రంధ్రాలు ఇంకా సన్నం, పిండి ఇంకాస్త జారు, వేపుడు నిమిషం లోపే.

ఆ మాటకొస్తే మనవాళ్లందరికీ తెలిసిన లడ్డూ తయారయ్యే తిరుమల కూడా దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పోటులోనూ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. పాకాన్ని వేళ్ల మధ్య సాగదీసి చూసే పాత పద్ధతికి ఈ తంటా లేదు. అది చూసేది పాకం వేడిని కాదు, జిగురును. చుక్కను కాస్త చల్లారనిచ్చి చూడాలి, అంతే. మరీ వేడిగా ఉంటే తీగ రాదు. రాలేదు కదా అని ఇంకా మరిగిస్తే ముదురుతుంది.

థర్మామీటరే కావాలంటే ముందు మీ ఇంట్లో ఉత్త నీళ్లు మరిగించి అది ఎంత చూపిస్తుందో రాసుకోండి, దానికి 5 కలపండి. థర్మామీటరులో తప్పున్నా అదే సర్దుకుంటుంది. నాకు ఇంకా నచ్చేది త్రాసు. ఖాళీ గిన్నె బరువు చూసుకుని, కిలో పంచదారకు అరకిలో నీళ్లు పోసి మరిగించండి. లోపలి పాకం 1,430 గ్రాములకు దిగగానే పొయ్యి కట్టేయండి. చెన్నైలోనైనా, ఊటీలోనైనా ఇదే అంకె. బరువు అంతకన్నా తగ్గిపోతే కంగారు పడక్కర్లేదు, తగ్గినంత వేణ్ణీళ్లు పోసి మళ్లీ ఒక పొంగు రానివ్వండి. మరిగేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండినా మంచిదే. పులుపుకు పంచదారలో కొంత భాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది, అవి అడ్డుపడి పలుకు కట్టనివ్వవు. అలాగని నిమ్మరసం ఎక్కువ పోస్తే అసలు పలుకే కట్టదు, లడ్డూ చేతిలో నిలవకుండా జారిపోతుంది.