అపోహలు - వాస్తవాలు: ఎలక్ట్రోలైట్ కలిపినంత మాత్రాన ఎంతైనా తాగొచ్చా?

"మేడమ్, ఒట్టి నీళ్లు తాగితే సోడియం పడిపోతుందట కదా? అందుకే నీళ్లు పూర్తిగా మానేసి ఎలక్ట్రోలైట్ పౌడరే కలుపుకుంటున్నా. ఇక ఎంత తాగినా భయం లేదు."

జూన్ నుంచి ఆగస్టు దాకా, హైదరాబాద్ మారథాన్‌కి జనం తయారయ్యే రోజుల్లో, నేను ఈ మాట వినని వారం ఉండదు. నేను స్పోర్ట్స్ డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది లాంగ్ రన్నర్లు, సైక్లిస్టులు. ఒకరు వాట్సాప్ గ్రూపులో చదివి వస్తారు, ఇంకొకరు తోటి రన్నర్ స్పృహ తప్పడం చూసి భయపడి వస్తారు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. దాన్ని వాడుకుని "ప్రతి పావుగంటకి ఒక గ్లాసు తాగాల్సిందే" అని అందరికీ ఒకే లెక్క పంచేవాళ్లంటేనే నాకు కోపం. ఆ సలహా వల్ల మనుషులు ఆసుపత్రి పాలవుతున్నారు.

అపోహ: ఎలక్ట్రోలైట్ కలిపితే సోడియం పడిపోదు

వాస్తవం: పడిపోతుంది. పరుగులో సోడియం పడిపోవడానికి ముఖ్య కారణం ఉప్పు పోవడం కాదు, చెమటగా పోయిన దానికంటే ఎక్కువ తాగడం.

ల్యాబ్ రిపోర్టులో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోళ్ల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. అదే కొలతలో మిగతావి చూడండి. రక్తంలో సుమారు 140. చెమటలో మనిషిని బట్టి 20 నుంచి 80 దాకా, చాలామందికి 40 చుట్టుపక్కల. ఆసుపత్రిలో విరేచనాలకి ఇచ్చే అసలైన ఓఆర్‌ఎస్‌లో 75. మామూలు స్పోర్ట్స్ డ్రింకులో 20 దగ్గర. అంటే మీరు తాగే డ్రింకు రక్తంతో పోలిస్తే ఏడోవంతు ఉప్పున్న నీళ్లు. పప్పుచారులో నీళ్లు ఎక్కువయ్యాయని చిటికెడు ఉప్పేసిన నీళ్లు ఇంకో చెంబెడు పోస్తే ఆ చారు ఇంకా పలచనే అవుతుంది కదా, ఇదీ అంతే.

మరి ఎక్కువైన నీళ్లు మూత్రంగా పోవాలి కదా అని అడుగుతారు. మామూలు రోజుల్లో పోతాయి. గంటల తరబడి పరుగెత్తుతున్నప్పుడు, అందులోనూ వికారం, నొప్పి ఉన్నప్పుడు, నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్ తగ్గాల్సినంత తగ్గదు. కిడ్నీ నీటిని వదలదు. మోకాలి నొప్పికని పరుగుకి ముందు ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ వేసుకునేవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

కిందటి వానాకాలంలో మా గ్రూపులో జరిగింది చెప్తాను. కొండాపూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, బరువు 52 కిలోలు. 32 కిలోమీటర్ల లాంగ్ రన్, కాస్త నడుస్తూ కాస్త పరిగెడుతూ 5 గంటలు. ఆకాశం మబ్బుగా ఉంది, ఎండ లేదు. ఎవరో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి 15 నిమిషాలకి 200 మిల్లీలీటర్ల ఎలక్ట్రోలైట్ డ్రింకు తాగింది. మొత్తం 4 లీటర్లు. చివరి అరగంటలో కడుపు ఉబ్బరం, వికారం, తలనొప్పి మొదలయ్యాయి. చేతి ఉంగరం బిగుసుకుపోయింది. పక్కనున్నవాళ్లు "డీహైడ్రేషన్ అయినట్టుంది, ఇంకో బాటిల్ కలపండి" అన్నారు. నేను ఆపించి తూకం వేయించాను. 53.1 కిలోలు. 5 గంటలు పరిగెత్తిన మనిషి కిలోకి పైగా పెరిగింది! వెంటనే ఆసుపత్రికి పంపితే సోడియం 132 వచ్చింది.

లెక్క వేసి చూద్దాం. అంతకుముందు తీసుకున్న కొలతల ప్రకారం ఆమెకి గంటకి 550 మిల్లీలీటర్ల దాకా చెమట పడుతుంది. 5 గంటలకి 2.75 లీటర్లు. తాగింది 4 లీటర్లు. ఒంట్లో మిగిలిపోయింది లీటరుంపావు. ఆ ఒంట్లో మొత్తం నీరు దాదాపు 26 లీటర్లు. చెమటలో 110 మిల్లీమోళ్ల సోడియం పోతే డ్రింకులో 80 తిరిగొచ్చింది. 140తో మొదలైన సోడియం ఈ లెక్కన 132, 133 దగ్గరికి దిగుతుంది. రిపోర్టూ అదే చెప్పింది. అవే 4 లీటర్లు ఒట్టి నీళ్లయితే 129, 130 అయ్యేది. ఖరీదైన పౌడరు తెచ్చిన తేడా ఆ మూడు అంకెలు. అదే ఆమె దాహం వేసినప్పుడే తాగి, ఒట్టి నీళ్లే 2 లీటర్ల దగ్గర ఆగి ఉంటే సోడియం కదలకుండా 140 దగ్గరే ఉండేది. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఏది ఎంత ముఖ్యమో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

2002 బోస్టన్ మారథాన్ రన్నర్ల రక్తాన్ని పరీక్షించినప్పుడూ ఇదే తేలింది. 488 మందిలో 13 శాతం మందికి సోడియం 135 లేదా అంతకంటే తక్కువ. దానితో గట్టిగా ముడిపడి ఉన్నది పరుగులో బరువు పెరగడమే. తాగింది నీళ్లా, స్పోర్ట్స్ డ్రింకా అన్నదానితో తేడా రాలేదు. మెల్లగా పరిగెత్తేవాళ్లు, చిన్న ఒళ్లున్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకి చెమట తక్కువ, తాగడానికి సమయం ఎక్కువ.

ఎలా గుర్తుపట్టాలి? నీరు తగ్గిన మనిషికి నోరు ఎండిపోతుంది, దాహం వేస్తుంది, బరువు తగ్గుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే తేరుకుంటారు. నీరు ఎక్కువైన మనిషికి కడుపు బరువుగా ఉంటుంది, వాచీ పట్టీ, ఉంగరం బిగుస్తాయి, వాంతి వస్తుంది, తలనొప్పి ఎక్కువవుతుంది, పడుకోబెట్టినా తగ్గదు. ఏదో తెలియకపోతే తాగించడం ఆపండి. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, ఫిట్స్ వచ్చినా క్షణం ఆలస్యం చేయకండి. ఆసుపత్రిలో మొదటి మాటగా "ఇన్ని గంటలు పరిగెత్తారు, ఇంత తాగారు, సెలైన్ పెట్టేముందు సోడియం చూడండి" అని చెప్పండి. సోడియం బాగా పడిపోయి మెదడు వాచే స్థితిలో డాక్టర్లు 3 శాతం గాఢ సెలైన్ కొద్దికొద్దిగా ఇస్తారు. మామూలు సెలైన్ బాటిళ్లు వరసగా ఎక్కిస్తే అలాంటప్పుడు మేలు కంటే కీడే జరగొచ్చు.

అపోహ: అయితే ఉప్పు అక్కర్లేదన్నమాట

ఇదీ తప్పే. పైన చెప్పింది విని కొందరు ఈ కొసకి పోతారు. చెమట చాలా ఎక్కువగా పోయి, దాన్ని దాదాపు అంతా తాగి పూడ్చుకోక తప్పని పరిస్థితి వచ్చినప్పుడు ఉప్పు నిజంగా కావాలి.

గచ్చిబౌలి నుంచి అనంతగిరి కొండల దాకా సైకిల్ మీద వెళ్లొచ్చే ఒకాయన ఉన్నారు. 82 కిలోలు. మార్చి ఎండలో 7 గంటలు. గంటకి 1.2 లీటర్ల చెమట, అంటే మొత్తం 8.4 లీటర్లు. నల్ల టీషర్టు మీద తెల్లటి ఉప్పు చారలు కడతాయి. అలాంటివాళ్ల చెమటలో సోడియం 60 అనుకున్నా, ఆ ఒక్క రోజున పోయే ఉప్పు 29 గ్రాములు. మనం రోజంతా తినే తిండిలో అందులో సగం కూడా ఉండదు. ఆయన ఆరున్నర లీటర్లు ఒట్టి నీళ్లు తాగితే, బరువు తగ్గి తిరిగొచ్చినా సోడియం 135కి జారుతుంది. ఇక్కడ ఎక్కువ తాగడం తప్పు కాదు, తాగకపోతే ఆ ఎండలో బండి నడవదు. అందుకే ఆయనకి లీటరుకి 45 దగ్గర సోడియం పెట్టాం, అంటే ఓఆర్‌ఎస్‌కీ స్పోర్ట్స్ డ్రింకుకీ మధ్యస్థంగా. ఇంకో సంగతి, మార్చి మొదటి రెండు వారాలు మరీ జాగ్రత్త. ఒళ్లు ఎండకి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ తర్వాత చెమటలో ఉప్పు తగ్గుతుంది.

మీరు ఏ కోవలో ఉన్నారో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న తూకం మెషిన్ చాలు. మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. గంట పరిగెత్తండి, ఎంత తాగారో కొలవండి. ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. తగ్గిన బరువుకి తాగింది కలిపితే అదే మీ గంట చెమట. 68.4 నుంచి 67.8కి దిగి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగితే 900 మిల్లీలీటర్లు. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూసుకోండి, అంకెలు మారతాయి. తాగేది ఎప్పుడూ ఈ అంకెని దాటకూడదు. లాంగ్ రన్ అయ్యాక ఒక కిలో తగ్గి ఉంటే అది కంగారు పడాల్సిన సంగతి కాదు.

గంట, గంటన్నర జిమ్ముకీ, కేబీఆర్ పార్కులో పొద్దుటి పరుగుకీ ఒట్టి నీళ్లు చాలు. పోయిన ఉప్పు ఇంటికెళ్లి తినే ఇడ్లీ సాంబారులో, పెరుగన్నం ఆవకాయలో వచ్చేస్తుంది. రెండు మూడు గంటల పరుగయ్యాక అర లీటరు మజ్జిగలో పావు టీస్పూను ఉప్పు వేసుకుంటే సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం. అంతకు మించి పొడులు కొనాల్సిన పని లేదు.

మిగతావి గబగబా

పిక్కలు పట్టేయడం ఉప్పు తగ్గినందుకే అంటారు. పట్టేసినవాళ్లనీ పట్టేయనివాళ్లనీ పరీక్షిస్తే రక్తంలో సోడియం తేడా పెద్దగా కనిపించలేదు. చాలాసార్లు అది అలసిన కండరం గొడవ, సాగదీస్తే వదులుతుంది. ఉప్పు బిళ్ల మింగినా అంత త్వరగా పనిచేయదు.

కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఏడు గంటల సైక్లింగ్‌కి అవొక్కటే సరిపోవు.

పేరులో ఓఆర్‌ఎస్ అని ఉన్న తియ్యటి టెట్రా ప్యాకులు ఓఆర్‌ఎస్ కావు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. ఏ ప్యాకెట్టయినా వెనక్కి తిప్పి లీటరుకి సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి 23తో భాగించండి. నేను పైన చెప్పిన కొలతలోకి వస్తుంది.

ఇక బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ లేదా క్లోర్‌థాలిడోన్ ఉన్న మాత్ర వేసుకునేవాళ్లు. ఆ మందులే సోడియాన్ని తగ్గించగలవు, పైగా బీపీ ఉంది కాబట్టి రోజూ ఓఆర్‌ఎస్ తాగడమూ సరికాదు. మీ మాత్ర పేరు చూసుకుని, లాంగ్ రన్లు మొదలుపెట్టేముందు మీ డాక్టర్‌తో మాట్లాడి ఒకసారి సోడియం పరీక్ష చేయించుకోండి. పరుగు రోజున ఏం తాగాలో ఆ రిపోర్టు చూశాకే నిర్ణయిద్దాం.