ఫ్లాష్‌బ్యాక్ అబద్ధం ఆడొచ్చా?

హత్య మిస్టరీ సినిమా ఏది విడుదలైనా హైదరాబాద్‌లో మొదటి వారం రెండు మాటలు వినిపిస్తాయి. "ఇంటర్వెల్‌కే కనిపెట్టేశా" అనేది ఒకటి. "అసలు కనిపెట్టడానికి ఏం చూపించాడని?" అనేది రెండోది. మొదటి మాటను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అలా అనేవాళ్లలో సగం మంది కథను బట్టి కాదు, పోస్టర్‌ను బట్టి కనిపెడతారు. పేరున్న నటుడు రెండే సీన్లలో కనిపించి మాయమైతే ఇంకేం కావాలి? రెండో మాట మాత్రం చాలా పాత తగువు. అందులోనూ ఎక్కువగా రచ్చ అయ్యేది ఫ్లాష్‌బ్యాక్ దగ్గరే. ఒక పాత్ర చెప్పింది తెర మీద చూపించి, చివర్లో "అదంతా అబద్ధం" అంటే టికెట్ కొన్నవాడిని మోసం చేసినట్టా, కాదా?

ఈ తగువు సినిమాలో పుట్టలేదు, నవలలో పుట్టింది. 1926లో అగాథా క్రిస్టీ రాసిన ఒక నవలలో హంతకుడు మరెవరో కాదు, మనకు కథ చెబుతున్న మనిషే. అప్పట్లో ఇది అన్యాయమని గొడవ చేసినవాళ్లు ఉన్నారు. కానీ ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచి చూస్తే ఆ మనిషి ఎక్కడా అబద్ధం చెప్పలేదు. ఉత్తరం లోపలికి వచ్చింది తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందని ఒక వాక్యం. తాను గదిలోంచి బయటపడింది తొమ్మిదికి పది నిమిషాల ముందని తర్వాతి వాక్యం. మధ్యలో పది నిమిషాలు లేవు. ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందని మనం అడగలేదు, అతను చెప్పలేదు. దాచడం వేరు, అబద్ధం చెప్పడం వేరు అన్న గీత అక్కడ పడింది.

మూడేళ్ల తర్వాత, 1929లో, రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ క్యాథలిక్ ఫాదర్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు అచ్చు వేయించాడు. ఆయనే డిటెక్టివ్ నవలలు రాసినవాడు కాబట్టి సగం సరదాగా, సగం సీరియస్‌గా రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ పాఠకుడికీ వెంటనే చూపించాలి. ముందే సిద్ధం చేయకుండా కవల సోదరుణ్ణి దించకూడదు. డబుల్ యాక్షన్ మీద దశాబ్దాలు బతికిన మన సినిమాకు ఈ చివరిది గట్టిగానే తగులుతుంది. అయితే నాక్స్ నియమాల్లో బొమ్మ గురించి ఒక్క ముక్క లేదు. పుస్తకంలో "అతను ఇలా చెప్పాడు" అని రాస్తే ఆ మాటకు పూచీ అతనిది. అదే మాటను తెర మీద నటులతో, రక్తంతో, నేపథ్య సంగీతంతో చూపిస్తే పూచీ ఎవరిది? చెప్పిన పాత్రదా, చూపించిన దర్శకుడిదా?

ఆ ప్రశ్నకు అందరూ తలచుకునే కేసు హిచ్‌కాక్ 1950లో తీసిన 'స్టేజ్ ఫ్రైట్'. డెబ్బై అయిదేళ్ల పాత సినిమా కాబట్టి ముగింపు చెప్పేస్తున్నా. చూద్దామనుకునేవాళ్లు మూడు పేరాలు వదిలేయండి.

సినిమా మొదట్లోనే జోనథన్ అనే కుర్రాడు తన స్నేహితురాలు ఈవ్ కారులో పారిపోతూ ఉంటాడు. పోలీసులు వెతుకుతున్నారు. ఎందుకో ఆమెకు చెబుతాడు. షార్లెట్ అనే నాటకాల నటి నెత్తుటి మరక ఉన్న గౌనుతో తన ఇంటికి వచ్చిందట, భర్తను చంపానని చెప్పిందట. ఆమె కోసం వేరే గౌను తేవడానికి తను ఆ ఇంటికి వెళ్తే పనిమనిషి చూసిందట, అందుకే నేరం తన మీద పడిందట. ఈ "అట"లన్నీ నేను పెట్టినవి. తెర మీద ఒక్క "అట" కూడా లేదు. తలుపు తీయడం, ఆమె లోపలికి రావడం, గౌను మీద మరక, అన్నీ నిజంగా జరిగినట్టే కనిపిస్తాయి. చివరికి తేలేదేమిటంటే, హంతకుడు జోనథనే.

విడుదలైనప్పుడు తిట్లు పడ్డాయి. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫో చేసిన సుదీర్ఘ ఇంటర్వ్యూలో హిచ్‌కాక్ స్వయంగా ఒప్పుకున్నాడు, అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టడం తను చేయకూడని పని అని. సినిమాలో ఒక పాత్ర నోటితో అబద్ధం ఆడితే ఎవరూ ఏమీ అనరు, ఫ్లాష్‌బ్యాక్‌లో అబద్ధం అంటే మాత్రం ఎందుకు ఒప్పుకోరని ఆయన ప్రశ్న.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. 'స్టేజ్ ఫ్రైట్'లో క్లూ ఇచ్చారు, అదీ ముందే ఇచ్చారు. ఈవ్ తండ్రి ఆ గౌనును పరీక్షగా చూసి, ఈ నెత్తురు చిందింది కాదు, ఎవరో కావాలని పూసిందని తేలుస్తాడు. షార్లెట్టే జోనథన్‌ను ఇరికించడానికి పూసి ఉంటుందని అందరూ అనుకుంటారు. జోనథన్ వెంటనే ఆ గౌనును మంటలో పడేస్తాడు. తనను కాపాడగల ఒకే ఒక్క సాక్ష్యాన్ని నిర్దోషి అయినవాడు ఎందుకు తగలబెడతాడు? నాక్స్ లెక్కలో చూస్తే ఇది శుభ్రమైన క్లూ. అయినా జనం ఒప్పుకోలేదు. నా ఉద్దేశంలో కారణం ఇది: అప్పటికే తెర ఒక సాక్ష్యం చెప్పేసింది. షార్లెట్ మరకతో లోపలికి రావడం మనం కళ్లారా చూశాం. పూసిన మరక గురించిన ఒక్క మాట ఆ దృశ్యం మీద నెగ్గలేదు. పైగా కథ మొదలైన కొద్ది నిమిషాలకే, జోనథన్‌ను అనుమానించడానికి మన దగ్గర ఏమీ లేనప్పుడే ఆ ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది.

అదే ఏడాది జపాన్‌లో కురొసావా 'రషోమన్' వచ్చింది. ఒక సమురాయ్ చావును నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, నాలుగూ తెర మీద కనిపిస్తాయి. ఇక్కడ మోసమన్న మాట రాలేదు. రెండో కథనం మొదటిదానికి అడ్డం తిరగగానే, తెర మీద కనిపించేది సాక్షి మాటే తప్ప జరిగింది కాదని మనకు అర్థమైపోతుంది. చూసేవాడి చేతికి అనుమానం ముందే అందింది.

ఆ పద్ధతి దక్షిణాదికి త్వరగానే వచ్చింది. 1954లో ఏవీఎం వాళ్లు వీణ ఎస్. బాలచందర్ దర్శకత్వంలో తమిళంలో 'అంద నాళ్' తీశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ మీద జపాన్ బాంబు పడిన రోజుల్లో శివాజీ గణేశన్ పోషించిన రేడియో ఇంజినీర్ హత్యకు గురవుతాడు. సీఐడీ అధికారి ఇంట్లోవాళ్లను, పొరుగువాళ్లను ఒక్కొక్కరినీ అడుగుతాడు, ఒక్కొక్కరూ ఇంకొకరి మీద అనుమానం చూపిస్తారు. ఒక్క పాట లేదు. పాట లేకపోవడం ఆ రోజుల్లో సాహసమే కానీ మిస్టరీకి అది లాభం కూడా. అనుమానం తీగలా సాగుతున్నప్పుడు తెంపే పని ఉండదు.

మన తెలుగు సినిమా మాత్రం ఫ్లాష్‌బ్యాక్‌ను వేరే పనికి వాడుకుంది. 2002 నాటి 'ఇంద్ర'నే తీసుకోండి. కాశీలో ట్యాక్సీ నడుపుకునే శంకర్ నారాయణ అసలెవరో ఫ్లాష్‌బ్యాక్‌లో తెలుస్తుంది. ఫ్యాక్షన్ సినిమాల కాలమంతా ఇదే లెక్క: వర్తమానంలో కనిపించేది ముసుగు, గతంలో కనిపించేది నిజం. ఫ్లాష్‌బ్యాక్ అంటే తీర్పు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలో ఏళ్ల తరబడి అలా చూసి చూసి అలవాటైన ప్రేక్షకుడికి ఫ్లాష్‌బ్యాక్ కూడా అబద్ధం ఆడుతుందంటే మామూలు కంటే ఎక్కువ కోపం వస్తుంది. ఇక్కడి మిస్టరీ దర్శకులకు ఇది అదనపు చిక్కు.

చంద్రశేఖర్ ఏలేటి 2005లో హైదరాబాద్ నేపథ్యంతో తీసిన 'అనుకోకుండా ఒక రోజు' ఈ చిక్కును తెలివిగా దాటింది. సహస్ర అనే అమ్మాయి ఒక పార్టీకి వెళ్తుంది, తర్వాత నిద్ర లేస్తుంది, మామూలుగా రోజు మొదలుపెడుతుంది. కొంతసేపటికి తెలుస్తుంది, మధ్యలో ఒక రోజు మొత్తం తన జ్ఞాపకంలో లేదని. క్రిస్టీ నవలలో పది నిమిషాలు దాచేశారు, ఇక్కడ ఏకంగా ఒక రోజు పోయిందని బాహాటంగా చెప్పారు. ఆ అమ్మాయికి తెలిసినంతే మనకూ తెలుసు. ఆమెకు ఒక ముక్క దొరికితే మనకూ దొరుకుతుంది. పజిల్ ఇష్టపడేవాళ్లకు ఇంతకంటే సమానమైన పోటీ తెలుగులో అరుదు.

2019లో వచ్చిన 'ఎవరు' రెండో దారి పట్టింది. 2016 నాటి ఒక స్పానిష్ సినిమా దీనికి మూలం. 2019లోనే హిందీలో 'బద్లా' కూడా ఆ మూలం నుంచే వచ్చింది. హత్య కేసులో ఇరుక్కున్న సమీర ఒక పోలీసు అధికారికి జరిగింది చెబుతుంది. ముగింపు చెప్పను, చెప్పనక్కర్లేదు కూడా. గమనించాల్సింది అమరిక. చెప్పే మనిషికి అబద్ధం ఆడే అవసరం ఉందని మనకు మొదటినుంచీ తెలుసు. వినే మనిషి అడుగడుగునా అడ్డు తగులుతాడు, ఇది కోర్టులో నిలవదంటాడు, మళ్లీ చెప్పమంటాడు. కాబట్టి ఆ గదిలోంచి పుట్టిన ప్రతి ఫ్లాష్‌బ్యాక్ మీద అనుమానపు ముద్ర పడే వస్తుంది. 'స్టేజ్ ఫ్రైట్' కారులో వినే ఈవ్‌కు జోనథన్ మీద ఇష్టం, అందుకే ఒక్క ఎదురు ప్రశ్న కూడా వేయలేదు. మనమూ వేయలేదు. ఫ్లాష్‌బ్యాక్ న్యాయంగా ఉందా లేదా అన్నది సగం వినేవాళ్ల పాత్రలోనే తేలిపోతుందని నాకు అనిపిస్తుంది.

ఓటీటీ వచ్చాక తగువు ఇంకో మెట్టు ఎక్కింది. థియేటర్లో వెనక్కి తిప్పి చూసే వీలు లేదు కాబట్టి క్లైమాక్స్‌లో దర్శకుడు "ఇది మీరు ముందే చూశారుగా" అంటే నమ్మేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో పాజ్ చేసి రెండు షాట్లూ పక్కపక్కన పోల్చుకోవచ్చు. క్లైమాక్స్‌లో మళ్లీ చూపించిన షాట్ పాతదే అయి, మొదటిసారి రెండు క్షణాల ముందు కట్ చేసి ఉంటే అది క్రిస్టీ గారి పది నిమిషాల లాంటిదే, ఆట నియమంలోనే ఉంది. కానీ మొదటిసారి టేబుల్ మీద లేని గ్లాసు రెండోసారి ఉంటే, గోడవైపు తిరిగి ఉన్న మనిషి ఇప్పుడు తలుపువైపు చూస్తుంటే, అది దాచడం కాదు, కొత్తగా తీసి అతికించడం. మొదటి షాట్ ఎవరో చెబుతున్న కథలో భాగమైతే ఆ తేడాకు సమాధానం ఉంటుంది. ఎవరూ చెప్పకుండా కెమెరా తనంతట తాను చూపించినదైతే ఉండదు. హైదరాబాద్ ఎడిటింగ్ రూముల్లో కూర్చునేవాళ్లు ఇప్పుడు ఇంట్లో రిమోట్ పట్టుకున్నవాడిని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.